నో చెప్పడానికి నాలుగు వాక్యాలు

ఆఫర్ ఇప్పించింది మా కాలేజీ సీనియర్. నేను అన్నా అనే పిలుస్తాను. నా రెజ్యూమేని తన మేనేజర్‌కి స్వయంగా పంపి, మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్‌తో జీతం మాట్లాడేటప్పుడు కూడా నా తరఫున ఒక మాట చెప్పాడు. ఆఫర్ లెటర్ వచ్చాక ఆ మేనేజర్ ఫోన్ చేస్తే "దాదాపు వచ్చేసినట్టే సర్" అన్నాను. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. వారం టైమ్ ఇచ్చారు.

నాలుగో రోజున ఇంకో కంపెనీ నుంచి ఫోన్. ఏడాదికి నాలుగు లక్షలు ఎక్కువ. అబద్ధమెందుకు, ముందు నా కళ్లకి కనిపించింది ఆ అంకెే. పని కూడా నేను రెండేళ్లుగా చేయాలనుకుంటున్న పేమెంట్స్ వైపు అని తర్వాత గుర్తొచ్చింది.

అప్పటికప్పుడు అన్నకి ఫోన్ చేయబోయి ఆగాను. ఫోన్‌లో చెప్పిన ఆఫర్ ఆఫర్ కాదు. బడ్జెట్ ఆగిపోయిందనో, పొజిషన్ హోల్డ్‌లో పెట్టారనో చెబితే రెండూ పోతాయి. మర్నాడు మధ్యాహ్నం లెటర్ మెయిల్‌కి వచ్చింది. జీతం, జాయినింగ్ తేదీ, నోటీస్ పీరియడ్ చదివి, సంతకం పెట్టి పంపాను. ఇక అక్కడి నుంచి ఆలస్యం చేయడానికి నా దగ్గర సాకు లేదు.

అయినా ఆ సాయంత్రం మూడు గంటలు మెయిల్ దగ్గరే కూర్చున్నా. మొదటి డ్రాఫ్ట్‌లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాశాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట! కానీ రెండు నెలల్లో నా లింక్డ్‌ఇన్‌లో కొత్త కంపెనీ పేరు కనిపిస్తుంది కదా. అన్న అందులో నా కనెక్షనే. డిలీట్. రెండో డ్రాఫ్ట్‌లో జీతం తేడా రాశాను. అదీ తప్పే. అంకె కనపడగానే హెచ్‌ఆర్‌కి అది బేరంలా వినిపిస్తుంది, "మేమూ అంతే ఇస్తాం" అని జవాబొస్తుంది. అప్పుడు రెండోసారి నో చెప్పాలి, అది మొదటిదానికంటే కష్టం. మూడో డ్రాఫ్ట్ నిండా క్షమాపణలే. చదువుతుంటే నాకే ఎవరో పోయారేమో అనిపించింది.

చివరికి పంపిన ఇంగ్లిష్ మెయిల్‌ని తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉద్యోగానికి మీరిచ్చిన ఆఫర్‌కి, ఇంటర్వ్యూల్లో మీ టీమ్ నాకిచ్చిన సమయానికి కృతజ్ఞతలు. నేను చేయాలనుకుంటున్న పనికి దగ్గరగా ఉన్న మరో ఆఫర్‌ని ఈ రోజు అంగీకరించాను, కాబట్టి మీ ఆఫర్‌ని స్వీకరించలేకపోతున్నాను. ఫోన్‌లో దాదాపు వస్తానని చెప్పాను, దానివల్ల మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. మీరు వేరే అభ్యర్థితో వెంటనే మాట్లాడుకునే వీలుండాలని గడువుకి ముందే తెలియజేస్తున్నాను."

రెండో వాక్యంలో "అంగీకరించాను" అన్న మాట ముఖ్యం. "ఆలోచిస్తున్నాను" అంటే తలుపు సగం తెరిచినట్టే. చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. నేను అవునంటానని రెండో అభ్యర్థిని వాళ్లు పక్కన ఉంచి ఉంటారు, మా ఇండస్ట్రీలో అలాంటివాళ్లు ఎక్కువ రోజులు ఖాళీగా దొరకరు. నేను జాయినింగ్ రోజు దాకా నాన్చి ఫోన్ ఆపేస్తే (చేసేవాళ్లున్నారు, నాకు తెలుసు) తొంభై రోజుల నోటీస్ ఉన్న ఇంకో మనిషి కోసం ఆ టీమ్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

సెండ్ నొక్కే ముందు అన్నకి ఫోన్ చేశాను. తన పేరుతో వెళ్లినవాణ్ణి, ఆ కబురు మేనేజర్ నోటి నుంచి తను వినకూడదు.

"అన్నా, ఒక విషయం చెప్పాలి. నేను రావట్లేదు."

కాసేపు మాట లేదు. "ఎంతిచ్చార్రా?" అన్నాడు.

మెయిల్‌లో రాయనిది ఇక్కడ దాచలేదు. నాలుగు ఎక్కువ అని చెప్పాను, పేమెంట్స్ పని గురించీ చెప్పాను.

"సరేలే. మా మేనేజర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి, మెయిల్ తర్వాత పంపు. నా రిఫరల్ బోనస్ పోయింది, బిర్యానీ బాకీ."

మేనేజర్‌తో మాట్లాడింది రెండు నిమిషాలు. "ముందే చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడు, గొంతులో చిరాకు ఉంది. ఉండాలి కూడా, దాదాపు వస్తానన్న మాట నాదే. సంతకం పెట్టకుండా ఆ మాట అనకుండా ఉండాల్సింది. "సారీ సర్, మెయిల్ ఇప్పుడే పంపుతున్నా" అని పెట్టేశాను. హెచ్‌ఆర్ నుంచి మర్నాడు ఒక్క లైన్ జవాబు వచ్చింది.

మేనేజర్ మళ్లీ మాట్లాడలేదు. అన్న మాత్రం పది రోజులకి మెసేజ్ పెట్టాడు, నా పాత టీమ్‌లో జావా వచ్చినవాళ్లు ఎవరైనా మారాలనుకుంటున్నారా అని. ఒక స్నేహితుణ్ణి అడిగి, అతను సరే అన్నాకే నంబర్ ఇచ్చాను. బిర్యానీ బాకీ ఇంకా తీరలేదు.