ఆ మెట్లు నావి

పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలో ఆ ఇల్లే పెట్టాను. కింద ఒకే మాట: ‘డిజైన్’, పక్కన నా పేరు. రెండు రోజులకి పాత ఆఫీసు సార్ ఫోన్ చేశారు.

“ఆ ఇల్లు నువ్వు డిజైన్ చేశావా అమ్మా?”

కోపంగా అడగలేదు. అదే ఇబ్బందైంది. మొదటి స్కెచ్ ఆయనది. నేను చేసింది వర్కింగ్ డ్రాయింగులు, పద్నాలుగు నెలల సైటు పని, మెట్లు.

మెట్ల సంగతి చెప్పాలి. మూడు మీటర్ల ఎత్తుకి మొదట 18 మెట్లు గీశారు, ఒక్కోటి దాదాపు 167 మిల్లీమీటర్లు. ఇంట్లో పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. నేను 20 చేశాను, ఎత్తు 150కి దిగింది. కానీ రెండు మెట్లు పెరిగితే పొడవు 600 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అది డైనింగ్ టేబుల్ మీదకొస్తుంది. అందుకని కింద నాలుగు మెట్లని పక్కకి తిప్పి, మధ్యలో చిన్న ల్యాండింగ్ ఇచ్చాను. నిజంగా నాది అనుకోగలిగింది ఇదీ. ‘డిజైన్’ అనే పెద్ద మాట కింద ఇదే కనపడకుండా పోయింది!

పేరు సరిచేయడం తేలికే. బొమ్మల దగ్గరే చిక్కు. జీతానికి పనిచేస్తూ గీసిన డ్రాయింగుల మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం యజమానిదే. కట్టిన భవనాన్ని ఫోటో తీసి ప్రచురించడాన్ని అదే చట్టం ఉల్లంఘన అనదు. అయితే నేను వాడిన ఫోటో ఫోటోగ్రాఫర్‌ది. పైగా ఇంటివాళ్లతో ఆఫీసు రాసుకున్న ఒప్పందంలో గోప్యత షరతుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆ మాట పోదు కదా. ఇక ప్లాన్ అయితే లాకర్ గది ఎక్కడుందో దొంగకి చెప్పడమే.

సార్‌కీ, ఇంటావిడకీ మెయిల్ రాశాను. ఏ బొమ్మ, ఎక్కడ, ఏ మాటలతో పెడతానో ముందే జతచేశాను. ఊరికే ‘అనుమతి ఇవ్వండి’ అంటే ఎవరైనా జంకుతారు. సార్ మెట్ల సెక్షన్ ఒక్కటీ వాడుకోమన్నారు. ఆవిడ జవాబు: “మెట్లు పెట్టుకోమ్మా. గోడ మీద పిల్లల ఫోటోలు పడనీకు.”

వెళ్లి నేనే తీశాను, కింద నుంచి, గోడ రాకుండా. ఫైల్లో దాక్కున్న లొకేషన్ వివరాలు తీసేశాను. పేజీ ఇప్పుడిలా ఉంది:

‘ప్రైవేటు నివాసం, హైదరాబాద్. డిజైన్: నేను పనిచేసిన సంస్థ. నా పాత్ర: వర్కింగ్ డ్రాయింగులు, మెట్ల డిటైల్, సైటు పర్యవేక్షణ. ఫోటో: నేను. సంస్థ, యజమానుల రాతపూర్వక అనుమతితో.’

సంస్థ పేరు అసలు పేజీలో ఉంది, ఇక్కడ తీసేశాను. మొన్న ఒక క్లయింటు ఇంటి ముఖభాగం గురించి ఏమీ అడగలేదు. ల్యాండింగ్ దగ్గర వేలు పెట్టి, “ఇక్కడెందుకు తిప్పారండీ?” అన్నారు.