అత్తయ్య పాత ఫోను అమ్మే ముందు

పోయిన నెల మా అత్తయ్యకి కొత్త ఫోను కొన్నాం. పాతది ఇంకా బాగానే ఉంది, మా వీధి చివర ఫోన్ల షాపతను తీసుకుంటానన్నాడు. అందులో అత్తయ్య వాట్సాప్ ఉంది, ఫేస్‌బుక్ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా మామయ్యగారు పోకముందు ఆవిడకి పంపిన వాయిస్ మెసేజీలున్నాయి. "మందులు వేసుకున్నావా" అని అడిగే చిన్న చిన్న ముక్కలే. అవి పోకూడదు, షాపతని చేతికి వెళ్ళనూ కూడదు. ఈ రెండూ కుదరాలంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాల్సిందే.

"ముందు ఫొటోలన్నీ తుడిచేస్తానమ్మాయ్" అని అత్తయ్య ఫోను పట్టుకుని కూర్చున్నారు. "వద్దత్తయ్యా, ఒక్కటి కూడా చేత్తో తుడవకండి" అన్నాను. ఫోను గూగుల్ ఖాతాతో కలిసి ఉన్నంతసేపూ, గూగుల్ ఫొటోస్‌లో ఇక్కడ తుడిచింది అక్కడా పోతుంది. కాంటాక్టులూ అంతే. పాత ఫోను శుభ్రం చేస్తున్నామనుకుంటూ కొత్త ఫోనులోవి పోగొట్టుకుంటాం.

అందుకని ముందు బ్యాకప్ పెట్టాను. వాట్సాప్‌లో Settings, Chats, Chat backup లోకి వెళ్ళి Back up నొక్కాను. వైఫై మీద కాసేపు పట్టింది. అయ్యాక అక్కడ తేదీ, సైజూ కనిపిస్తాయి. ఆ తేదీ ఇవాళ్టిదేనా అని చూసుకున్నాను.

రెండో పని కొత్త ఫోనులో గూగుల్ ఖాతా పెట్టడం. ఇది పాత ఫోను నడుస్తుండగానే చెయ్యాలి. ఎందుకంటే "లోపలికి వస్తున్నది మీరేనా" అని గూగుల్ చాలాసార్లు పాత ఫోనులోనే అడుగుతుంది. దాన్ని ముందే ఖాళీ చేసేస్తే ఔనని చెప్పే దారి ఉండదు. తర్వాత సిమ్ మార్చి, అదే నంబరుతో, అదే గూగుల్ ఖాతాతో వాట్సాప్ తెరిచి Restore నొక్కాను. మామయ్యగారి గొంతు కొత్త ఫోనులో వినబడేదాకా పాతదాని జోలికి వెళ్ళలేదు. అత్తయ్య రెండుసార్లు విన్నారు.

నంబరు కొత్త ఫోనుకి మారగానే పాత ఫోనులో వాట్సాప్ తనంతట తనే ఆగిపోతుంది. "అయితే అయిపోయినట్టేగా" అన్నారు అత్తయ్య. కాలేదు. ఇన్నాళ్ళూ వచ్చిన ఫొటోలు, వాయిస్ ఫైళ్ళు ఆ ఫోను మెమరీలో అలాగే ఉంటాయి. అలాగని వాట్సాప్‌లో Delete account మాత్రం నొక్కకండి. అది ఫోనుని కాదు, ఖాతానే తీసేస్తుంది. గ్రూపుల్లోంచి పేరు పోతుంది, బ్యాకప్ కూడా పోతుంది. కొత్త ఫోనులో Linked devices తెరిచి, మనవి కానివి ఉంటే Log out చేస్తే చాలు.

తర్వాత పాత ఫోనులో ఫేస్‌బుక్ లాగౌట్ చేశాను. అప్పుడు ఫోను Settings లో ఖాతాల జాబితాకి వెళ్ళి గూగుల్ ఖాతాని Remove account చేశాను. అక్కడ ఫోను కంపెనీ సొంత ఖాతా కూడా ఉంటే అదీ తీసెయ్యాలి. ఖాతా ఉండగానే బటన్లు నొక్కిపట్టి రీసెట్ చేస్తే, ఫోను మళ్ళీ తెరిచేటప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం అది. కొన్నవాడు మనింటికి తిరిగొస్తాడు. చివరగా స్క్రీన్ లాక్ తీసేశాను.

సిమ్ ట్రే తెరిచి మెమరీ కార్డు కూడా బయటకి తీశాను. రీసెట్ చేసినా కార్డులోవి మామూలుగా అలాగే ఉంటాయి. అత్తయ్య కార్డులో మా పాప అన్నప్రాశన ఫొటోలన్నీ ఉన్నాయి మరి!

ఇక ఆఖరున Settings లో Factory data reset. ఛార్జర్ పెట్టి ఉంచాను, మధ్యలో ఆగిపోకుండా. "మళ్ళీ బయటికి తీసేవాళ్ళుంటారటగా" అని అత్తయ్య భయం. ఆండ్రాయిడ్ 10, ఆ పైది పెట్టి అమ్మిన ఫోన్లు లోపలి సమాచారాన్ని తాళం వేసి దాచుకుంటాయి. రీసెట్‌తో ఆ తాళంచెవే పోతుంది కాబట్టి, మిగిలిన ముక్కలు దొరికినా చదవడం కుదరదు. మరీ పాత ఫోన్లకి ఆ భరోసా లేదు. అలాంటిది ఇంట్లో ఉంటే అమ్మకుండా అలారానికి వాడుకోవడం మేలు.

రీసెట్ అయ్యాక ఫోను తెరిస్తే భాష ఎంచుకోమని అడిగింది. వైఫై కలిపి రెండు అడుగులు ముందుకెళ్ళి చూశాను. పాత ఖాతా గానీ, పాత పిన్ గానీ అడగలేదు. అడిగి ఉంటే ఖాతా సరిగా తీయలేదని అర్థం. అక్కడే ఆపి స్విచ్ఛాఫ్ చేశాను.

షాపుకి పంపే ముందు కొత్త ఫోనులోంచి గూగుల్ ఖాతాలో Your devices చూడండి. పాత ఫోను పేరు ఇంకా అక్కడుంటే Sign out చెయ్యండి. ఫేస్‌బుక్‌లో కూడా ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూపించే జాబితా ఉంటుంది, అదీ చూసేయండి. ఆ తర్వాత ఫోనూ, ఛార్జరూ, డబ్బా కలిపి ఇచ్చేయడమే.