ఆత్మకూరు కింద ఉదయగిరి

ఉదయగిరి దుర్గం మీద మా తాతయ్య రాసిన నోట్సుని సెలవుల్లో ఆత్మకూరులో కూర్చుని పుస్తకంగా పేజీలు కట్టాను. ఒక్కో పేరా పేజీన్నర. ముక్కలు చేద్దామంటే, "నేను మాట్లాడేదే అట్లా రా" అన్నారు.

ఇన్‌డిజైన్ మామూలుగా 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల లైన్ ఇస్తుంది. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో వత్తులు కిందకి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై లైన్లో 'ఆత్మకూరు', దాని కిందే 'ఉదయగిరి' పడితే మ వత్తు గుడి మీదికి వచ్చేస్తుంది. 'రాష్ట్రం' అయితే రెండు వత్తులు, ఇంకా కిందకి. అందుకే ఈ మాటల్నే ఒకదాని కింద ఒకటి పెట్టి ప్రింట్ తీసి చూశాను. 18 దగ్గర విడిపోయాయి. 22 దగ్గర పేరా విడి లైన్లుగా తెగిపోయినట్టుంది. 19 ఉంచాను. 14.4 ప్రింట్‌ని తాతయ్య వేలు పెట్టుకుని చదివారు, 19 దాన్ని వేలు లేకుండానే.

తర్వాత లైన్ పొడవు. 4 అంగుళాల్లో ఆరేడు మాటలే పడతాయి. 'చెప్పుకుంటుండేవాళ్ళు' లాంటిది పట్టక కిందికి జారితే, రెండు అంచులూ సమం చేసేటప్పుడు మిగతా మాటల మధ్య గుంతలు పడతాయి. 4.3 చేస్తే తగ్గాయి. మరీ పెంచితే లైన్ చివరి నుంచి వెనక్కి వచ్చే కన్ను చదివిన లైన్లోకే వస్తుంది, అప్పుడు మధ్య ఖాళీ కూడా పెంచాలి.

ఖాళీకి కాగితం ఖర్చవుతుంది. 14.4లో 64 పేజీల పుస్తకం 19కి 84 దాటింది. లైన్ పెరిగాక 79కి దిగింది. ఫారానికి 16 పేజీల లెక్కన 80, అంటే సరిగ్గా అయిదు ఫారాలు.