కారే కన్నీరు, ఎండిన కన్ను

మా అక్కది గరిడేపల్లి. పోయిన వరికోతలప్పుడు వాళ్లింటికి వెళ్తే, ఒక చేత్తో కొంగు కళ్లకు ఒత్తుకుంటూ మరో చేత్తో అన్నం వడ్డించింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"కండ్లల్ల ఇసుక పోసినట్టుంటుందిరా తమ్మీ. గాలి తగిల్తే చాలు, నీళ్లు ధార కడ్తున్నయి. కోత దుమ్మే గావచ్చు."

ఆరు నెలలుగా మందుల షాపులో అడిగి తెచ్చుకుని చుక్కలు వేసుకుంటోందట. సీసా తిప్పి చూసి, కంటి డాక్టర్ని గనక, ఉలిక్కిపడ్డాను. అది స్టెరాయిడ్ మందు. పరీక్షలు లేకుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే చూపు పోవచ్చు. మర్నాడే నా వెంట తీసుకువెళ్లి ఒత్తిడి చూశాను. అదృష్టవశాత్తూ మామూలుగానే ఉంది.

"అక్కా, నీ కళ్లు ఎండిపోయాయి" అంటే నవ్వింది. "గిన్ని నీళ్లు కారుతుంటే ఎండినయంటవేందిరా?"

ఈ అనుమానం చాలామందికి వస్తుంది. కంటిని తడిపే పొరలో నీరుతో పాటు జిగురు, పైన రెప్పల్లోంచి వచ్చే నూనె ఉంటాయి. ఆ పొర పలచబడితే కన్ను మండుతుంది. మంటకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఎండిన నేల మీద జోరువాన కొట్టినట్టే: నీరు పారిపోతుంది, నేల మాత్రం నానదు.

రెప్ప అంచున సన్నని కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచాను. మంచి కంట్లో 10 మిల్లీమీటర్లకు పైగా తడుస్తుంది. అక్కకు కుడివైపు 4, ఎడమవైపు 3. రంగు మందు వేసి చూస్తే, రెప్ప కొట్టిన 4 సెకన్లకే తడిపొర చిట్లుతోంది. కనీసం 10 సెకన్లు నిలవాలి.

కారణమేమిటి? వయసు, ముట్లుడగడం, ముఖానికి సూటిగా తగిలే ఫ్యాను గాలి, రెప్ప కొట్టకుండా కుట్టు మీదో ఫోను మీదో గంటలు గడపడం, ఇవన్నీ ఉండేవే. దుమ్ముకు తుమ్ములొస్తాయని అక్క రోజూ మింగే ఎలర్జీ మాత్ర కూడా కన్నీటిని తగ్గించేదే. కానీ నాకు ఆవిడ భోజనం గుర్తొచ్చింది. ముద్దముద్దకూ నీళ్లు తాగనిదే మింగుడు పడటం లేదు. పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నాయట. కీళ్ల డాక్టరు చేయించిన రక్తపరీక్షల్లో షోగ్రెన్ జబ్బని తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద తిరగబడే జబ్బు. నడివయసు ఆడవాళ్లకే ఎక్కువ.

వైద్యం మెట్లుమెట్లుగా చేశాం. ముందుగా ఎలర్జీ మాత్ర మాన్పించాం. రోజుకు నాలుగుసార్లు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రికి జెల్, వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో మూసిన రెప్పలకు 5 నిమిషాల కాపడం. నెలయినా చాల్లేదు. అంతకంటే ఎక్కువసార్లు వేయాలంటే, మందు పాడవకుండా సీసాల్లో కలిపే రసాయనమే కంటిని గీరుతుంది. అందుకని అది లేని ఒక్కపూట గొట్టాలకు మార్చాం.

తరువాతి మెట్టు, వాపును తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు, రోజుకు రెండుసార్లు. వేస్తే మంట పుడుతుంది, గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. అక్క కూడా మానబోయింది, నేను ఫోను చేసి పోరబట్టి వేసుకుంది.

మూడు నెలలకు ఎరుపు తగ్గింది, తడి మాత్రం చాల్లేదు. అప్పుడు ఆఖరి మెట్టెక్కాం. ముక్కు పక్కన పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సన్నని రంధ్రాలుంటాయి. కన్నీరు వాటిగుండా ముక్కులోకి దిగిపోతుంది. ముందు కింది రంధ్రాల్లో కొద్ది రోజుల్లో కరిగిపోయే బిరడాలు పెట్టి, నీరు పొంగి చెంపల మీదికి కారడం లేదని చూసుకుని, ఆపైన సిలికాన్‌వి పెట్టాం. బియ్యపుగింజ కన్నా చిన్నవి. మత్తు చుక్క వేసి పెడితే కొన్ని నిమిషాల పని.

"గీ పనేదో మొదాలే చేస్తే పోయేది గదరా?" అంది అక్క.

వాపున్న కంట్లో దారి మూసేస్తే, ఆ చెడు నీరే కంట్లో నిలిచి మంట ఎక్కువవుతుంది. అందుకే ముందు వాపు, తరువాత బిరడా. బిరడా ఒక్కోసారి ఊడిపోతుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. ముక్కు పక్క మూల వాచి, నొప్పిగా ఉండి చీము వస్తే మాత్రం వెంటనే చూపించాలి.

అక్క జబ్బు పోలేదు, పోయేది కాదు కూడా. చుక్కలు ఇప్పటికీ వేసుకుంటోంది. అయితే కుట్టుమిషను ముందు మళ్లీ కూర్చుంది. మీ కళ్లలోనూ ఇసుక పోసినట్టుండి నీళ్లు కారుతుంటే దుమ్మని సరిపెట్టుకోకండి. నోరు కూడా ఎండుతోందేమో గమనించి డాక్టరుతో చెప్పండి. వెలుతురు చూడలేనంత నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లండి. ఎవరో ఇచ్చిన చుక్కల సీసా ఇంట్లో ఉంటే, ముందు దాన్ని డాక్టరుకు చూపించండి.