తెల్లవారితే శుక్రవారం

మా అమ్మాయి వివాహం తోంగ్‌పాల్‌లో జరపవలెనని నిశ్చయమైంది. వరుని నాయనమ్మగారు ప్రయాణం చేయలేని స్థితిలో ఉండటమే అందుకు కారణం. ఒకప్పటి బస్తరులోని ఈ ఊరు జగదల్‌పూర్ నుండి దర్భా కొండల మీదుగా సుక్మా, కుంటలకు పోయే రహదారిపై ఉన్నది. విదేశాల నుండి వచ్చే మా బంధువులలో ఎవరికీ ఈ పేరైనా తెలియదు. కనుక శుభలేఖతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా పంపదలచి, దాని చిత్తుప్రతి ముందుగా కొందరికి పంపాము.

అలా పంపడం ఎంత మంచిదైనదో వారం తిరగకుండానే తెలిసింది. షికాగోలో ఉన్న అమ్మాయి మేనమామ తన టిక్కెట్టు వివరాలు తెలిపారు. శుక్రవారం మధ్యాహ్నం రాయపూర్‌లో దిగి, రాత్రికి తోంగ్‌పాల్ చేరుతారట! శుభలేఖలో ఉన్నదేమో “గురువారం రాత్రి గం. 1-38 ని.లకు, తెల్లవారితే శుక్రవారం”. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది; గడియారం అర్ధరాత్రికే తేదీ మారుస్తుంది. చాలకాలంగా విదేశంలో ఉన్నవారికి “తెల్లవారితే శుక్రవారం” అన్న మాటలలో శుక్రవారమే కంటికి ఆనుతుంది. వధువును గంపలో కూర్చుండబెట్టి మండపానికి తేవలసిన మేనమామ పెళ్లి అయిన పద్దెనిమిది గంటలకు వస్తే ఆ గంప ఎవరు ఎత్తాలి? వెంటనే ఫోనులో చెప్పాము. ఆయన టిక్కెట్టు రెండు రోజులు ముందుకు జరుపుకున్నారు. పుస్తకం మొదటి పుటలో “గురువారం సాయంకాలానికి అందరూ తోంగ్‌పాల్‌లో ఉండవలెను” అని పెద్ద అక్షరాలలో వేయించాము. ముహూర్త సమయానికి షికాగోలో గురువారం మధ్యాహ్నమే. అక్కడ ఉండిపోయి టీవీలో చూడదలచినవారికి ఆ గంట కూడా విడిగా వ్రాశాము.

ఇంతలో పురోహితులవారు మరొక చిక్కు చూపారు. 1-38 అన్నది హైదరాబాదు గణితం. తోంగ్‌పాల్ హైదరాబాదుకు తూర్పున దాదాపు మూడున్నర డిగ్రీల దూరంలో ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ లగ్నం సుమారు 13 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. పదమూడు నిమిషాలకేమి అనుకోరాదు. రెండు గంటల లగ్నాన్ని తొమ్మిది అంశలుగా భాగిస్తే ఒక్కొక్కటి అంతే అవుతుంది. మనం కోరిన పుష్కరాంశ హైదరాబాదు గడియారం ప్రకారం కూర్చుంటే తోంగ్‌పాల్‌లో దాటిపోతుంది. అందుచేత పుస్తకంలో ముహూర్తం 1-25 అని సవరించి, ఎందుకు మారినదో రెండు వాక్యాలలో తెలిపాము. లేకున్న శుభలేఖ ఒకటి, పుస్తకం మరొకటి చెబుతున్నాయని ప్రశ్నలు వచ్చేవి.

కార్యక్రమాన్ని ఆ 1-25 నుండి వెనుకకు లెక్కించాము. ఒంటిగంటకు వధువు గంపలో మండపానికి రావాలి, పన్నెండు గంటలకు గౌరీపూజ, పది గంటలకు ఎదురుకోలు, ఎనిమిదికే భోజనాలు. సాధారణంగా ఆలస్యమయ్యేది ఎదురుకోలు దగ్గరే. బాజాల ముందు నృత్యం చేయువారికి కాలం తెలియదు కదా. అక్కడ అరగంట అదనంగా విడిచాము.

విదేశీ అల్లుళ్లకు, కోడళ్లకు చెప్పవలసిన ముఖ్య విషయం ఒకటి. మంగళసూత్రం కట్టిన క్షణమే ముహూర్తమని వారనుకుంటారు. ఛాయాచిత్రకారులు సైతం అప్పటికే సిద్ధమవుతుంటారు. ముహూర్తం జీలకర్ర-బెల్లానిది. ఆ రెండూ కలిపి నూరిన ముద్దను తమలపాకులో ఉంచి, అడ్డుతెరకు ఇరుప్రక్కల కూర్చున్న వధూవరులు ఒకరి నడినెత్తిన ఒకరు పెడతారు. తెర దిగుతుంది, గట్టిమేళం మ్రోగుతుంది, అక్షతలు పడతాయి. గట్టిమేళం వినగానే అక్షతలు చల్లండి. విసరవద్దు, తలపైకి జారవిడిస్తే చాలును అని వ్రాశాము. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం ముఖానికి తగిలితే నొప్పి, కంట పడితే మంట. మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం ఆ తరువాత వరుసగా జరుగుతాయి. చలిరాత్రి కనుక పిల్లలు నిద్రపోయినా ఫరవాలేదు.

దుస్తుల విషయంలో ఒక సందేహం మాకు ముందే తట్టింది. మధుపర్కాలు తెల్లనివి, ఎర్రని అంచు గలవి. మా ఆచారంలో మాంగల్యధారణ వేళకు వధూవరులు వాటినే ధరిస్తారు. వధువు తెలుపు ధరించినది కదా అని అతిథులు కూడా తెలుపు కట్టకుండా, రంగు వస్త్రాలు తెచ్చుకోమన్నాము. ఇది మాఘమాసం, బస్తరు రాత్రులు చలిగా ఉంటాయి. పట్టుచీరపై శాలువ తప్పనిసరి. మండపంలో పాదరక్షలు విడవాలి గనుక మేజోళ్లు తెచ్చుకొనుట మేలు.

చివరి పుటలో ప్రయాణం. దర్భా ఘాటు పగటి వెలుతురులోనే దాటవలెను. విదేశీ పాస్‌పోర్టు గలవారికి బస ఇచ్చినవారు 24 గంటలలోగా వారి వివరాలు అధికారులకు సమర్పించాలి కనుక, పాస్‌పోర్టు, వీసా నకళ్లు ముందే పంపమని కోరాము. నకళ్లు ముందుగా పంపినవారు మేనమామగారే, క్రింద చిన్న ప్రశ్న కూడా వ్రాశారు: “గంప ఎంత బరువు ఉంటుంది?”