ఎల్డీఎల్‌ని ఎవరూ కొలవలేదు

ల్యాబ్ రిపోర్టు రాసేవాడు పాఠకుణ్ణి అస్సలు పట్టించుకోడు. ఆరు పేజీలు, నలభై అంకెలు, ఏ అంకె దేనికి చుట్టమో ఎక్కడా చెప్పడు. హద్దు దాటినదాని పక్కన హెచ్ అనీ, తగ్గినదాని పక్కన ఎల్ అనీ బోల్డ్‌లో పెట్టి ఊరుకుంటాడు. స్టార్లు చూసి రివ్యూ చదవకుండా వెళ్ళిపోయేవాళ్ళలాగా మనమూ ఆ అక్షరాలు చూసి కంగారుపడతాం, లేకపోతే అవి లేవని నిశ్చింతగా పడుకుంటాం.

పోయిన వేసవిలో ఆఫీసు హెల్త్ క్యాంపు తర్వాత నా రిపోర్టులో నాలుగు హెచ్‌లు, ఒక ఎల్ వచ్చాయి. నాకు ముప్ఫై ఆరు. మా నాన్నకి యాభై రెండో ఏట స్టెంట్ వేశారు. కాబట్టి ఆ పీడీఎఫ్‌ని మెయిల్లోనే వదిలేసే ధైర్యం చాల్లేదు.

డాక్టరమ్మ రిపోర్టు తెరిచి మొదట అడిగిన ప్రశ్న, "రాత్రి ఎన్నింటికి తిన్నారు?" అని. పదకొండున్నరకి. రక్తం తీసింది పొద్దున ఎనిమిదిన్నరకి. "తొమ్మిది గంటలే. ట్రైగ్లిజరైడ్స్‌కి పన్నెండు గంటలు గ్యాప్ ఉంటే మంచిది. మళ్ళీ చేయించండి" అన్నారు. క్యాంపులో 312 ఉన్నది, పన్నెండు గంటల ఉపవాసంతో 265కి దిగింది. 150 లోపు ఉండాలి కాబట్టి ఇదీ ఎక్కువే. మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 36, ఎల్డీఎల్ 123. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0. ఇది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే డయాబెటిస్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టు.

ఇంట్లో వెంటనే నూనె మీద నిషేధం ప్రకటించారు. అమ్మ ఫోన్లో, "ఏరా, ఆ గుడ్లు మానెయ్యి ముందు" అంది. డాక్టరమ్మ మాత్రం నూనె ఊసెత్తలేదు, అన్నం సంగతీ టీ సంగతీ అడిగారు. ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంలో తిరిగే కొవ్వే గానీ, అదంతా తిన్న కొవ్వు కాదు. అవసరానికి మించి వచ్చిన పిండిపదార్థాన్నీ పంచదారనీ లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మందు తాగేవాళ్ళకి అది ఇంకో దారి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, చక్కెర అంచున: ఈ మూడూ కలిసి వస్తే ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగా వినడం లేదేమోనని అనుమానించాలట. విడివిడిగా చూస్తే మూడు అక్షరాలు, కలిపి చదివితే ఒకటే కథ.

నా రోజు ఎలా ఉండేదంటే, ఏడింటి నుంచి పదకొండు దాకా అమెరికా టీముతో కాల్స్. మధ్యలో టీలు. రోజుకి నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలు, అంటే సుమారు నలభై గ్రాముల పంచదార. పదకొండున్నరకి ఆకలి మీద కంచం నిండా అన్నం, పలచటి పప్పు, ఆవకాయ. అరగంటలో పక్క మీదకి.

పంచదార ఒక వారంలో పోయింది, దాని గురించి చెప్పుకునేంత ఏమీ లేదు. అన్నంతోనే అసలు పేచీ. చాలామంది అన్నం మానేసి చపాతీలు పట్టుకుంటారు. మా ఆవిడ కిచెన్ స్కేలు తెచ్చి తూచింది: నేను తినే మూడు చపాతీలకి తొంభై గ్రాముల పిండి. అందులో పిండిపదార్థం అరవై గ్రాముల పైనే. అంతకు కాస్త తక్కువ బియ్యం వండుకున్నా అంతే వస్తుంది. పేరు మారింది, లెక్క మారలేదు.

తూకం బయటపెట్టిన రెండో సంగతి పప్పు. ముగ్గురికి కలిపి మేం వేసే కందిపప్పు వంద గ్రాములు. మొత్తం ప్రొటీన్ ఇరవై రెండు గ్రాములు, మనిషికి ఏడు. "రోజూ పప్పు తింటాం కదా" అనే తెలుగువాడి ధీమా అంతా ఆ ఏడు గ్రాముల మీద నిలబడి ఉంది!

అందుకని కంచాన్ని తిరగేశాం. బియ్యం మనిషికి యాభై గ్రాములు, పప్పు రెట్టింపు, అదీ గరిట నిలబడేంత ముద్దపప్పు. బీరకాయో గోరుచిక్కుడో ఒక గిన్నెడు. గుడ్లు ఉండిపోయాయి, రోజుకొకటి. ముందు కూర, పప్పు, గుడ్డు తినేసి చివర్న అన్నం. అలా తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. కూరతో కలపని అన్నం ఎలా దిగుతుందని అమ్మ అడిగింది. మజ్జిగతో దిగుతుంది.

ఇంతకంటే కష్టమైంది టైము. అదే భోజనానికి పొద్దుపోయాక చక్కెర ఎక్కువ పెరుగుతుందని చదివాను. నమ్మకం కుదరక గ్లూకోమీటర్ కొన్నాను. పాత కంచం పదకొండున్నరకి తిని రెండు గంటలకి చూస్తే 168. అదే కంచం ఆరున్నరకి తిన్నరోజు 146. కొత్త కంచం ఆరున్నరకి తిని, పదిహేను నిమిషాలు మేడ మీద నడిచిన రోజు 121. ఒక్కో రోజు లెక్క కాబట్టి దీన్ని పరిశోధన అనను. ఆ మీటరు రీడింగు అటూ ఇటూ పది పదిహేను శాతం ఊగుతుంది కూడా. అయినా మూడు మెట్లూ కిందికే దిగాయి. క్యాలెండర్లో ఆరున్నర నుంచి ఏడు దాకా బ్లాక్ చేశాను. కాల్ అయ్యాక ఆకలేస్తే గుప్పెడు వేయించిన శనగలు.

హెచ్‌బీఏ1సీ మారడానికి మూడు నెలలు ఆగాలి. ఎర్రకణం బతికేది సుమారు నూట ఇరవై రోజులు, చక్కెర అంటుకున్న పాత కణాలు పోయి కొత్తవి వస్తేగానీ అంకె కదలదు. ఆగాను. మళ్ళీ పన్నెండు గంటల ఉపవాసం, అదే ల్యాబ్. ట్రైగ్లిజరైడ్స్ 265 నుంచి 160. హెచ్‌బీఏ1సీ 5.7. హెచ్‌డీఎల్ 39. మొత్తం కొలెస్ట్రాల్ 198. ఎల్డీఎల్ మాత్రం 123 నుంచి 127కి పెరిగింది!

ఇంట్లో చర్చ మొదలైంది, గుడ్ల మీదే. నాకు మాత్రం రిపోర్టులో ఎల్డీఎల్ పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న "క్యాలిక్యులేటెడ్" అనే మాట కనిపించింది. అంటే ఆ అంకెని ఎవరూ కొలవలేదు. మిగతా మూడూ కొలిచి, దీన్ని లెక్కగట్టారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, మరో ఇద్దరు ఇచ్చిన సూత్రం అది:

```
LDL = TC - HDL - TG/5
```

ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతుని వీఎల్డీఎల్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్ కింద తీసేస్తారు. మొదటిసారి 212లోంచి 36, 53 తీసేస్తే 123. ఇప్పుడు 198లోంచి 39, 32 తీసేస్తే 127. తీసేసే అంకె ఇరవై ఒకటి తగ్గింది కాబట్టి మిగిలేది పెరిగింది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నప్పుడు ఈ సూత్రం ఎల్డీఎల్‌ని తక్కువ చేసి చూపిస్తుంటుంది. 400 దాటితే అసలు వాడకూడదు. అంటే ఆ పాత 123 కాస్త తక్కువ చేసి చెప్పిన అంకె అయ్యుండొచ్చు.

డాక్టరమ్మ పెన్ను తీసి రిపోర్టులో లేని ఒక తీసివేత చేశారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయడం, అంతే. దీనికి ఉపవాసం గొడవ పెద్దగా లేదు, ఊహ అసలే లేదు. మొదట 176, ఇప్పుడు 159. "తగ్గింది. మీ నాన్నగారి సంగతి చూస్తే 130 లోపు ఉండాలి" అన్నారు. టాబ్లెట్ అప్పుడే వద్దుగానీ ఇంకో మూడు నెలల తర్వాత కూడా 150 దాటి ఉంటే వాదించొద్దన్నారు. సరేనన్నాను.

ఆ రక్తపరీక్ష వచ్చే నెల. ఈలోగా టీములో కొత్తగా చేరిన మేనేజరు ఆరున్నరకి రోజువారీ కాల్ పెట్టాడు. ఏడింటికి జరపమని మెసేజ్ పెట్టాను. కారణం అడిగాడు. భోజనం అని రాశాను. "ఆరున్నరకా?" అన్నాడు.