ఆ ఇంగ్లీషు మాట ఎక్కడికి పోయింది?

మా బెంగళూరు పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకే కథల్ని ఇంగ్లీషులోకి రాసిస్తుంటాం. చిక్కంతా సంభాషణలతోనే.

"ఏమీ ఫీలవ్వకు వదినా, కొంచెం అడ్జస్టయిపోదాం" అంటాడు ఓ మరిది. ఫీలవ్వడమంటే మనకు నొచ్చుకోవడం. ఆ మాటను అలాగే ఉంచితే ఇంగ్లీషులో అతకదు. "డోంట్ టేకిట్ టు హార్ట్, వదినా" అని రాశాం. వదినను మాత్రం మార్చలేదు. "సర్దుకుపోదాం" అంటే బరువు, "అడ్జస్ట్" అంటే తేలిక. ఆ తేడా పూర్తిగా దక్కలేదు. పక్కింటి కన్నడావిడకైతే మార్చే పనే లేదు, "స్వల్ప అడ్జస్ట్ మాడి" ఈ ఊరి మాటే కదా!

అదే కథలో మామగారు కోపమొస్తే ఇంగ్లీషులోకి దిగుతారు. అనువాదంలో అంతా ఇంగ్లీషే, కోపం ఎలా తెలుస్తుంది? "అన్నారు, ఈసారి ఇంగ్లీషులో" అని ఒక్కచోట చేర్చాం. ప్రతి మాటకీ అలా చేరిస్తే మాత్రం కథ నడవదు.